ఆలస్యమైన సరుకుకు క్షమాపణ మెయిల్: నాలుగు రకాల్లో ఏది పంపాలి?

సరుకు అనుకున్న రోజుకు చేరనప్పుడు చిన్న వ్యాపారులు రాసే మెయిల్ సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. టెన్షన్‌లో కూర్చుని "అంతా మా తప్పే, నష్టం మేమే కడతాం" అని రాసేస్తారు. లేదా, కోర్టు గొడవ వస్తుందేమోనన్న భయంతో ఎక్కడా అతుక్కోని నాలుగు పొడి మాటలు పంపేస్తారు. మొదటిది రాసినవాడు డబ్బు విషయంలో ఇరుక్కుంటాడు. రెండోది రాసినవాడికి కస్టమర్ దూరమవుతుంది, కోపంతో ఫిర్యాదు కూడా చేస్తుంది. ఈ రెంటికీ మధ్య ఇంకో రెండు పద్ధతులున్నాయి. అన్నిటినీ ఒకే ఉదాహరణ మీద పెట్టి చూద్దాం.

పోచంపల్లిలో ఇక్కత్ బట్టలు అమ్మే చిన్న దుకాణం అనుకోండి, సొంత వెబ్‌సైట్ ఉంది. బెంగళూరు నుంచి ఒకావిడ గృహప్రవేశంలో బంధువులకు పెట్టడానికి 30 దుపట్టాలు ఆర్డర్ చేసింది. ఒక్కోటి 850 రూపాయలు, మొత్తం 25,500. కొరియర్ ఖర్చు 900 విడిగా కట్టింది. 12వ తేదీ గురువారం లోపు చేరుస్తామని వెబ్‌సైట్‌లో రాసి ఉంది. గృహప్రవేశం 15న, ఆదివారం. ఆ సంగతి ఆవిడ ఆర్డర్‌తో పాటే రాసింది. ముసురు పట్టి అద్దిన నూలు ఆరకపోవడంతో ఐదు దుపట్టాలు ఆలస్యమయ్యాయి. 8న బయలుదేరాల్సిన పార్సిల్ 11న బయలుదేరింది. ట్రాకింగ్ చూస్తే 16న చేరుతుందని ఉంది. ఈరోజు 12, ఉదయం పది గంటలు. ఇప్పుడు ఏం రాయాలి?

మొదటి రకం: పూర్తిగా తల వంచేసే మెయిల్

"మేడమ్, ఇది పూర్తిగా మా నిర్లక్ష్యం. మా వల్ల మీ గృహప్రవేశం పాడైపోయింది. ఒప్పుకున్న మాట తప్పాం. మీకు కలిగిన నష్టమంతా మేమే భరిస్తాం."

చదవగానే ఆవిడ మనసు కొంచెం కరుగుతుంది, కాదనను. కానీ ఇందులోని నాలుగు వాక్యాలూ నాలుగు వేర్వేరు పనులు చేస్తున్నాయి. "నిర్లక్ష్యం" అనేది జరిగిన విషయం కాదు, జరిగినదాని మీద ఇచ్చిన తీర్పు. పైగా కొరియర్ వాళ్ల దగ్గర పార్సిల్ ఎన్ని రోజులు ఆగుతుందో తెలియకముందే ఇచ్చేసిన తీర్పు. "గృహప్రవేశం పాడైపోయింది" అనడం ఇంకా జరగని నష్టాన్ని మనమే రాసిపెట్టడం. "మాట తప్పాం" అంటే ఒప్పందం ఉల్లంఘించామని మన చేత్తో రాసిచ్చినట్టే చదువుకోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదం నాలుగోది. అది క్షమాపణ కానే కాదు, అంకె వేయని చెక్కు. ఆవిడ 14న బెంగళూరులో ఖరీదైన షాపులో అరవై వేలు పెట్టి బట్టలు కొని తేడా కట్టమంటే, ఆ వాక్యం ఆవిడ చేతిలో ఉంటుంది.

1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం అంత దూరం అడగదు. ఉల్లంఘన వల్ల మామూలుగా, సహజంగా కలిగే నష్టానికీ, ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టానికీ మాత్రమే పరిహారం అంటుంది దాని 73వ సెక్షన్. దూరపు నష్టాలను, పరోక్ష నష్టాలను లెక్కలోకి తీసుకోదు. చట్టం గీసిన ఈ గీతను మనమే చెరిపేసుకోవడం ఎందుకు?

ఇదే సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. "ఇద్దరికీ తెలిసిన నష్టం" అన్నారు కాబట్టి, గృహప్రవేశం సంగతి మనకు ముందే తెలుసా లేదా అనేది పెద్ద ప్రశ్న అవుతుంది. మన ఉదాహరణలో ఆవిడ ఆర్డర్‌లోనే రాసింది. తెలియదని బుకాయించడం అబద్ధం, పైగా పనికిరాని అబద్ధం. అలాగని "మీ గృహప్రవేశానికి ఇవి అందకపోతే ఎంత నష్టమో మాకు ముందే తెలుసు" అని మెయిల్‌లో బల్ల గుద్ది రాయాల్సిన పనీ లేదు. "15వ తేదీ లోపు మీకు కావాలి కాబట్టి" అంటే చాలు. అందులో ఆదరం ఉంది, నష్టం మీద వ్యాఖ్యానం లేదు.

రెండో రకం: చింతిస్తున్నాం మెయిల్

"అనివార్య కారణాల వల్ల మీ ఆర్డర్ ఆలస్యమైంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ సహకారానికి ధన్యవాదాలు."

రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ లాంటి మెయిల్ ఇది. బండి ఎప్పుడొస్తుందో చెప్పదు, చింత మాత్రం చెబుతుంది. చాలామంది ఇదే సేఫ్ అనుకుంటారు. నా అంచనాలో నాలుగింటిలో ఎక్కువ ఫిర్యాదులు తెచ్చిపెట్టేది ఇదే. కొత్త తేదీ లేదు, డబ్బు సంగతి లేదు, ఎవరిని అడగాలో లేదు. ఆవిడ సాయంత్రం దాకా ఎదురుచూసి, రేపు మళ్లీ రాసి, ఎల్లుండి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తుంది.

ఇందులో చట్టపరంగా కూడా ఒక పొరపాటు ఉంది. "అనివార్య కారణాలు" అన్న మాటను మనం మర్యాద కోసం వాడతాం. కానీ 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల్లో దానికి బరువుంది. చెప్పిన షెడ్యూలు దాటి సరుకు ఆలస్యంగా చేరితే, కస్టమర్ తిప్పి పంపినప్పుడు తీసుకోనని గానీ డబ్బు ఇవ్వనని గానీ అమ్మకందారు అనకూడదు. సొంత సైట్‌లో అమ్మేవారికీ, మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది. ఆలస్యం ఫోర్స్ మజ్యూర్ వల్ల, అంటే వరదలో తుపానో వచ్చి ఎవరి చేతుల్లోనూ లేని స్థితి వల్ల జరిగితేనే మినహాయింపు. ముసురుకు నూలు ఆరకపోవడం ఆ కోవలోకి వస్తుందని వాదించి నెగ్గడం కష్టం. నేత పనిలో వాన కొత్త విషయం కాదు కదా. నిజంగా వరద వచ్చి రోడ్డు తెగితే ఏ రోడ్డు, ఏ రోజు అని రాయండి. లేనప్పుడు ఆ మాట ఎత్తకండి. రేపు ఎవరైనా ట్రాకింగ్ తీసి చూపిస్తే మెయిల్ మొత్తం మీద నమ్మకం పోతుంది.

కొరియర్ మీద నెట్టేయడం కూడా ఈ రకంలోకే వస్తుంది. "మేం పంపేశాం, కొరియర్ వాళ్లు లేట్ చేశారు" అంటారు. కస్టమర్ డబ్బు కట్టింది మీకు, తేదీ చెప్పింది మీరు. కొరియర్ కంపెనీతో మీ లెక్క విడిగా తేల్చుకోండి, ఆ పేచీని ఈ మెయిల్‌లోకి లాగవద్దు.

మూడో రకం: లాయరు భాష మెయిల్

"మా హక్కులకు భంగం లేకుండా, ఏ విధమైన చట్టబద్ధ బాధ్యతనూ అంగీకరించకుండా, ఈ క్రింది విషయం తెలియజేయడమైనది..."

ఇంగ్లీషు మెయిళ్లలో "వితౌట్ ప్రెజుడిస్" అని పైన పెడతారు, అదే ఇది. దానికి చట్టంలో చోటుంది. సాక్ష్యంగా వాడకూడదన్న స్పష్టమైన షరతు మీద చేసిన ఒప్పుకోలు, లేదా అలా ఇద్దరూ అనుకున్నారని పరిస్థితులను బట్టి కోర్టు భావించగల ఒప్పుకోలు సివిల్ కేసుల్లో పరిగణనలోకి రాదని భారతీయ సాక్ష్య అధినియమ్ 21వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న చట్టమిది. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది 23వ సెక్షన్. ఆ రక్షణ ఉన్నది తగాదా వచ్చాక రాజీ మాట్లాడుకునేవారి కోసం. ఇంకా తగాదానే లేని రోజు, పార్సిల్ లేట్ అని చెప్పే మెయిల్ మీద ఆ ముద్ర కొడితే అది పనిచేస్తుందన్న భరోసా లేదు. పనిచేసేది ఒక్కటే, ఆవిడకు అనుమానం తెప్పించడం. "నేనింకా ఏమీ అనలేదే, వీళ్లు అప్పుడే కోర్టు భాష మాట్లాడుతున్నారేంటి?" అనుకుంటుంది.

ఇదే దారిలో మరో అలవాటు చూస్తుంటాం. ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని నమూనాల చివర "ఈ క్షమాపణ బాధ్యతను అంగీకరించినట్టు కాదు" అని ఉంటుంది. వాటిలో చాలావరకు బ్రిటన్‌లోనో కెనడాలోనో రాసినవి. బ్రిటన్‌లో 2006 నాటి కాంపెన్సేషన్ చట్టం, కెనడాలో చాలా ప్రావిన్సుల అపాలజీ చట్టాలు క్షమాపణకు ప్రత్యేక రక్షణ ఇచ్చాయి. మన దగ్గర అలాంటి సాధారణ చట్టం లేదు. ఇక్కడ మెయిల్‌లో రాసిన ప్రతి మాటా ఎలక్ట్రానిక్ రికార్డుగా కోర్టు ముందుకు రావచ్చు. ఒప్పుకోలు దానంతట అదే తుది రుజువు కాకపోయినా, దాన్ని కాదని వివరించుకునే భారం మన మీద పడుతుంది.

నాలుగో రకం: తేదీలు, పని, ఎంపిక

నేను పంపమనేది దీన్నే. ఇందులో రక్షణ డిస్‌క్లెయిమర్ నుంచి రాదు, ఏం రాయకుండా వదిలేశామన్నదాని నుంచి వస్తుంది. జరిగినదాన్ని తేదీలతో చెబుతాం, దాని మీద తీర్పు చెప్పం. సరిచేసే పనిని భుజాన వేసుకుంటాం, నష్టం లెక్క ఎత్తం. చివరగా కస్టమర్‌కు నిజమైన ఎంపిక ఇస్తాం. మన ఉదాహరణకు ఇలా ఉంటుంది:

*సబ్జెక్ట్: మీ 30 దుపట్టాలు ఈరోజు కాక 16న చేరేలా ఉన్నాయి – సాయంత్రం 4 లోపు మీ నిర్ణయం చెప్పండి*

*నమస్కారం మేడమ్,*

*మీ ఆర్డర్ ఈరోజు మీకు చేరాలి. చేరడం లేదు. మా దగ్గర 8న బయలుదేరాల్సిన పార్సిల్ 11న బయలుదేరింది. ట్రాకింగ్ ప్రకారం 16న చేరుతుంది. మీకు 15 లోపే కావాలి కాబట్టి ఇది మీకు ఎంత ఇబ్బందో అర్థమవుతోంది. క్షమించండి. దీన్ని సరిచేసే బాధ్యత మాది.*

*ఇప్పుడు మేం చేయగలిగినవి మూడు. మా దుకాణంలో సిద్ధంగా ఉన్న 30 దుపట్టాలను ఈ రాత్రి బస్సు కార్గోలో పంపగలం. రేపు ఉదయానికి బెంగళూరు చేరాలి. నాణ్యత అదే, కానీ రంగులు మీరు ఎంచుకున్నవి కావు, కలగలుపుగా ఉంటాయి. ఫొటోలు జత చేశాం. ఖర్చు మాది, పాత పార్సిల్‌ను మేమే వెనక్కి తెప్పించుకుంటాం. అది వద్దనుకుంటే 16న వచ్చే పార్సిల్ తీసుకోవచ్చు, కొరియర్ ఖర్చు 900 వెనక్కి పంపుతాం. లేదా ఆర్డర్ రద్దు చేసుకోవచ్చు, కొరియర్ ఖర్చుతో కలిపి మీరు కట్టిన 26,400 మొత్తం ఈరోజే రీఫండ్‌కు పెడతాం.*

*బస్సుకు వేయాలంటే సాయంత్రం 4 లోపు తెలియాలి. ఈ మెయిల్‌కు జవాబిచ్చినా, కింది నంబరుకు ఫోన్ చేసినా సరే. మీ నుంచి కబురు రాకపోతే పార్సిల్ మామూలుగా 16న వస్తుంది. వచ్చాక కూడా ఆలస్యం కారణంగా తిప్పి పంపి డబ్బు తీసుకోవచ్చు.*

"బాధ్యత మాది" అని రాశాం కదా, అది ప్రమాదం కాదా అని అడగవచ్చు. దేనికి బాధ్యత అన్నది చూడండి. "సరిచేసే బాధ్యత" అన్నాం, "మీ నష్టానికి బాధ్యత" అనలేదు. మొదటిది మనం చేయబోయే పని, రెండోది డబ్బు లెక్క. "8న బయలుదేరాల్సింది 11న బయలుదేరింది" అన్నదీ ఒక రకంగా ఒప్పుకోలే, నిజమే. కానీ ఆ తేదీలు కొరియర్ రశీదులో, ట్రాకింగ్‌లో ఎలాగూ ఉన్నాయి. దాచలేనిదాన్ని ముందే చెప్పినందువల్ల పోయేదేమీ లేదు. ఎందుకు ఆలస్యమైందో మాత్రం నేను రాయలేదు. నూలు, ముసురు, ఐదు దుపట్టాల కథ ఆవిడకు అక్కర్లేదు. అడిగితే నిజం చెప్పండి, ఒక్క వాక్యంలో.

రద్దు, రీఫండ్ ఎంపికను ఉదారతగా చూపించలేదని గమనించండి. "ప్రత్యేకంగా మీ కోసం" లాంటి మాటలు ఇక్కడ వద్దు. ఆలస్యమైన సరుకును తిప్పి పంపే హక్కు నిబంధనల ప్రకారమే ఆవిడకు ఉంది. హక్కును బహుమతిలా చుట్టి ఇస్తే, సంగతి తెలిసిన కస్టమర్‌కు ఒళ్లు మండుతుంది. బస్సు ఖర్చు, 16న పార్సిల్ తీసుకున్నా వెనక్కిచ్చే 900 మాత్రం మన వైపు నుంచి మర్యాదగా ఇచ్చేవి. కొందరు అలాంటి చిన్న మొత్తం పక్కనే "దీంతో అన్ని క్లెయిములూ పరిష్కారమైనట్టే" అని సన్న అక్షరాల్లో పెడతారు. వినియోగదారుల కమిషన్ ముందు అది బలం ఇవ్వకపోగా మన ఉద్దేశాన్నే అనుమానించేలా చేస్తుంది.

ఎంపిక ఇవ్వడంలో మర్యాదతో పాటు చట్టపరమైన ప్రయోజనం కూడా ఉంది. తేదీ ముఖ్యమైన ఒప్పందంలో సరుకు ఆలస్యమైతే, అవతలివారు దాన్ని రద్దు చేసుకోవచ్చు. అలా కాకుండా ఆలస్యంగా వచ్చినదాన్ని ఒప్పుకుని తీసుకుంటే, ఆ సమయంలోనే "పరిహారం అడుగుతాను" అని తెలియజేస్తే తప్ప ఆ ఆలస్యానికి పరిహారం కోరలేరని కాంట్రాక్ట్ చట్టం 55వ సెక్షన్ అంటుంది. అంటే ఆవిడ "సరే, 16న పంపండి" అని రాసిన ఒక్క లైను, మనం రాసే పది డిస్‌క్లెయిమర్ల కంటే బలమైనది. ఆ సరే ఆవిడ అన్నీ తెలిసి, మిగతా దారులు చూసి చెప్పినదై ఉండాలి. అందుకే మూడూ ముందు పెట్టాం.

అసలు ఈ మెయిల్ 12న కాక 8న వెళ్లాల్సింది. 73వ సెక్షన్ కింద నష్టం లెక్కించేటప్పుడు, ఆ ఇబ్బందిని తగ్గించుకునే అవకాశాలు ఏమున్నాయో కూడా చూస్తారు. ఆవిడకు వారం ముందే తెలిస్తే బెంగళూరులోనే తీరిగ్గా వేరేవి చూసుకునేది. మనం నాన్చిన ప్రతి రోజూ ఆవిడ ఎంపికలు తగ్గుతాయి, మన మీద పడగల భారం పెరుగుతుంది. కాబట్టి ఈ నాలుగింటిలో ఏది ఎంచుకున్నా, పార్సిల్ బయలుదేరడం లేదని తెలిసిన సాయంత్రమే పంపాలి. కొత్త తేదీ పక్కాగా తెలియకపోతే "10న మధ్యాహ్నం లోపు తేదీ చెబుతాం" అని రాయండి. ఊహించిన తేదీ రాసి అదీ తప్పితే, మొదటి ఆలస్యాన్ని మన్నించినవారు కూడా రెండోదాన్ని మన్నించరు.

నాలుగో రకం సరిపోని చోట్లు

కొనేది మరో కంపెనీ అయితే ముందు పర్చేజ్ ఆర్డర్ తీసి చదవండి. ఆలస్యమైన ప్రతి వారానికి బిల్లులో ఇంత శాతం కోత అనే షరతు చాలావాటిలో ఉంటుంది. అలాంటి చోట తేదీలు, కొత్త షెడ్యూలు, తీసుకుంటున్న చర్యలు రాయండి. కోత గురించి మీ అంతట మీరు ఎత్తకండి, లెక్క అసలే వేయకండి. 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం పైపరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే వస్తుంది. ఎంత సమంజసమో తర్వాత మాట్లాడుకోవచ్చు. ఫోర్స్ మజ్యూర్ క్లాజు ఉంటే ఇన్ని రోజుల్లో నోటీసు ఇవ్వాలని అందులో తరచూ ఉంటుంది. క్షమాపణ మెయిల్ ఆ నోటీసు కాదు, దాన్ని విడిగా పంపాలి.

కస్టమర్ ఇప్పటికే డబ్బు క్లెయిమ్ చేసినా, లాయరు నోటీసు పంపినా, అక్కడితో ఈ పద్ధతులు ఆపండి. అప్పుడు మూడో రకానికి అర్థం ఉంటుంది, కానీ దాన్ని రాయాల్సింది మీ లాయరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు పచ్చళ్లో చీరలో అమ్మేవారికి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఒకటుంది. చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే మామూలుగా 30 రోజుల్లో సరుకు పంపలేకపోతే, ఆలస్యం గురించి తెలిపి రద్దు చేసుకునే అవకాశం ఇవ్వాలి. ఆ మెయిల్‌లో రద్దు ఎంపిక లేకపోతే ఎంత బాగా సారీ చెప్పినా నియమం తప్పినట్టే. రెండో రకం మెయిల్ అక్కడ అసలు పనికిరాదు.

ఇక ఫోన్ సంగతి. మూడు రోజుల్లో ఫంక్షన్ పెట్టుకున్నవారికి మెయిల్ పంపి ఊరుకోవద్దు, ఫోన్ చేయండి. ఫోన్‌లో మనిషి మెత్తబడి "మీకేం నష్టమైనా నేను చూసుకుంటాలెండి" అనేసే ప్రమాదం ఎక్కువ కాబట్టి మెయిల్‌ను ముందు పెట్టుకుని మాట్లాడండి. ఆవిడ ఏది ఎంచుకుందో, ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో రాసి పంపండి: "ఇప్పుడు ఫోన్‌లో మీరు చెప్పినట్టు, కలగలుపు రంగుల 30 దుపట్టాలు ఈ రాత్రి బస్సులో వేస్తున్నాం. కార్గో రశీదు నంబరు రాత్రి 9 గంటలకు పంపుతాం. ఇందులో ఏదైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి."